సూత్రం ఏదమ్మా?

మా అక్క కూతురు హనుమకొండలో నాలుగో తరగతి చదువుతోంది. స్కూలు పేరు చెప్పను. చెప్పినా లాభం లేదు, టెక్నో, కాన్సెప్ట్, ఒలింపియాడ్ అనే మూడు మాటల్ని ముందువెనకలు చేసి పేరు పెట్టుకున్న స్కూళ్లు ఇక్కడి నుంచి కాజీపేట దాకా వరసగా ఉన్నాయి. ఆ పిల్ల మొన్న లెక్కల పరీక్షలో మాల్‌ప్రాక్టీసు చేస్తూ పట్టుబడింది. చిట్టీ కాదు, దారం. మూరెడు తెల్లదారం, కంపాస్ బాక్సులో చుట్ట చుట్టి దాచిపెట్టి మరీ తెచ్చింది. ఇలాంటి పిల్లలు రేపు పెద్దయి సుతిలి దాకా, ఆ తర్వాత మోకు దాకా పోతారని స్కూలు యాజమాన్యం ఆందోళన పడింది. సబబే.

అక్క ఊళ్లో లేదు కాబట్టి విచారణకు నన్ను పిలిచారు. ప్రిన్సిపాల్ గారి గదిలో టేబుల్ మీద ఒక కవరు. కవరులో దారం. కవరు మీద పిల్ల పేరు, సెక్షన్, రోల్ నంబరు. పక్కనే ప్రశ్నపత్రం. లెక్కల సారు నిలబడే ఉన్నాడు, సాక్షి కదా.

నేరం జరిగిన ప్రశ్న ఇదీ. సెంటీమీటరు గళ్ల మీద ఒక బొమ్మ. 6 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రం. పై అంచు నడిమధ్యలో ఒక గాటు, 2 సెంటీమీటర్ల వెడల్పు, 2 సెంటీమీటర్ల లోతు. ముందు పన్ను ఊడిన పిల్లాడి నోరులాగా ఉంటుంది. చుట్టుకొలత కనుక్కోవాలి. మా పిల్ల దారం తీసి బొమ్మ అంచు వెంబడి పరిచింది. గాటులోకి దింపింది, అడుగున తిప్పింది, మళ్లీ పైకి తెచ్చింది. మొదలుపెట్టిన చోటికి వచ్చాక గోరుతో పట్టుకుని, తిన్నగా లాగి స్కేలు మీద పెట్టింది. ఇరవై మూడున్నర వచ్చింది. మూలల దగ్గర దారం గుండ్రంగా తిరిగి కాస్త దగ్గర దారి పడుతుందని దానికి తెలుసు. అందుకని అంచున ఉన్న గళ్లు లెక్కపెట్టి చూసుకుని 24 అని రాసింది. సారు దాని మీద ఎర్ర ఇంకుతో ఇంటూ పెట్టాడు. పక్కన 20 అని రాశాడు. కింద, అండర్‌లైన్ చేసి, ‘సూత్రం ఏది?’

"నేను నోటితో కూడా అడిగాను సార్, సూత్రం ఏదమ్మా అని. దారం ఎత్తి చూపించింది. ఎంత పొగరు చూడండి" అన్నాడు సారు.

పొగరు కాదు మహాశయా, తెలుగు. సూత్రం అంటే దారమే. పెళ్లిలో కట్టేది మంగళ ఫార్ములా కాదు. ఈ దేశంలో యజ్ఞవేదికలు కొలవడానికి రాసుకున్న పాత లెక్కల పుస్తకాల్ని శుల్బ సూత్రాలు అంటారు, శుల్బం అంటే తాడు. తాడూ దారమూ కలిస్తే వచ్చిన జ్యామితి అది. ఇదంతా నేను ఆ గదిలో అనలేదు. ఏసీ చల్లగా ఉంది, ఎదురుగా ఫీజు బకాయిల రిజిస్టరు తెరిచి ఉంది. నోరు రాలేదు.

ప్రిన్సిపాల్ గారు పెన్ను కొసతో దారాన్ని కాస్త కదిపి చూశారు. "ఇది ఎక్కడి నుంచి వచ్చింది?" అన్నారు. అమ్మమ్మ పూలు కట్టే ఉండ నుంచి అని చెప్పాను. "ఇంట్లో ఇంకా ఉందా?" ఉంది సార్, ఉండంతా ఉంది. ఆయన లెక్కల సారు వైపు చూశారు. సారు కళ్లు మూసుకున్నాడు. "ఈ పద్ధతి దానికి ఎవరు నేర్పారు?" ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. తల దించుకుని నిజం ఒప్పుకున్నాను. పోయిన ఏడు ఈ పిల్ల పరకాల దగ్గర మా ఊరి సర్కారు బడిలో చదివింది సార్.

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఆ బడిలో జరిగిన ఘోరాలు మీకు కూడా తెలియాలి. అక్కడి టీచరమ్మ చుట్టుకొలత పాఠం మొదలుపెట్టి రెండు వారాలు ‘ఎల్ ప్లస్ బి’ అనే మాటే ఎత్తలేదు. పిల్లల్ని ఒక్కొక్క గుమ్మడాకు తెమ్మంది. బతుకమ్మ కింద పరుస్తామే, ఆ ఆకే. దాని చుట్టూ దారం పెట్టి ఎవరి ఆకు అంచు పొడవో తేల్చమంది. గుమ్మడాకుకు పొడవేది, వెడల్పేది? అంచు మాత్రం ఉంది. చుట్టుకొలత అంటే ఆ అంచేనని, చీమ ఒకటి బయల్దేరి అంచు వదలకుండా నడిచి మళ్లీ మొదటికి వస్తే అది నడిచిన దూరమని, ఆ పిల్లలకు ముందు తెలిసిపోయింది.

తర్వాత నోటుబుక్కు అట్ట. అసలు కొలత 84 సెంటీమీటర్లు. మా పిల్లకు 81 వచ్చింది. పక్కవాడికి ఇంకా తక్కువ. వాడు తెచ్చింది రబ్బరు సాగే దారం. చుట్టేటప్పుడు సాగింది, స్కేలు మీదికి వచ్చేసరికి ముడుచుకుంది. వెనక బెంచీవాడు సుతిలి తెచ్చాడు, లావుగా ఉండి వాడికి ఎక్కువ వచ్చింది. మరి మా పిల్లది మంచి దారమే, 3 సెంటీమీటర్లు ఎక్కడ పోయాయి? టీచరమ్మ చెప్పలేదు, మళ్లీ కొలిచి చూపించమంది. అప్పుడు దొరికింది దొంగ. పిల్ల స్కేలు 15 సెంటీమీటర్లది. దాని మీద సున్నా గీత చెక్క కొసన ఉండదు, అర సెంటీమీటరు లోపలికి ఉంటుంది. పిల్ల దారాన్ని ప్రతిసారీ చెక్క కొస నుంచి పెట్టింది. ఆరుసార్లు జరిపింది, ఆరు అరలు మూడు. ఏ సూత్రం బట్టీ పట్టినా ఈ సంగతి తెలియదు.

ఆ తర్వాత టైల్సు. ఊళ్లో ఎవరిదో బాత్రూం కట్టగా మిగిలిన చదరపు టైల్సు, పన్నెండు. మూడు వరసలు, వరసకు నాలుగు చొప్పున పరిచి చుట్టుకొలత ఎన్ని అంచులో చెప్పమంది. క్లాసంతా పది అన్నారట. ఎందుకు పది? బయటి వరసలో ఉన్న టైల్సు లెక్కపెట్టారు, పదే ఉన్నాయి. టీచరమ్మ సుద్దముక్క ఇచ్చి బయటికి కనిపించే ప్రతి అంచు మీదా ఒక గీత పెట్టమంది. గీతలు పద్నాలుగు వచ్చాయి. ఆ నాలుగు ఎక్కడివి? మూల టైలు ఒక్కటే, బయటికి చూపించే ముఖాలు రెండు. మూలలు నాలుగు కదా. టైలును లెక్కపెట్టడం వేరు, అంచును లెక్కపెట్టడం వేరు. లోపలి జాగా ఒకటి, చుట్టూ తిరిగే దారి ఇంకొకటి. పదో తరగతిలో కూడా వైశాల్యానికి చుట్టుకొలత, చుట్టుకొలతకు వైశాల్యం రాసే పిల్లల్ని చూశాను నేను. వాళ్ల చేతికి ఎవరూ సుద్దముక్క ఇవ్వలేదు.

అవే పన్నెండు టైల్సు రెండు వరసలుగా పరిస్తే 16. ఒకే వరసలో పొడుగ్గా పరిస్తే 26. టైల్సు పెరగలేదు, తగ్గలేదు. రెండు టైల్సు ఆనుకున్నచోట రెండు అంచులు లోపలికి పోతాయి, ఎంత దగ్గరగా కూచుంటే అన్ని అంచులు మాయం. ఇది మా పిల్ల చెప్పిన మాటే. "మామా, అవి ముడుచుకొని కూసుంటే చుట్టుకొలత తగ్గుతది, కాళ్లు చాపితే పెరుగుతది."

ఇప్పుడు గాటు సంగతి. 6 టైల్సు పొడవు, 4 వెడల్పు పరిచి మూల నుంచి నాలుగు టైల్సు చదరంగా తీసేయండి. చుట్టుకొలత మారదు, 20 అలాగే ఉంటుంది. నాలుగు అంచులు పోతాయి, నాలుగు కొత్తవి బయటపడతాయి. అదే నాలుగు టైల్సు పై అంచు నడిమి నుంచి తీయండి. పోయేవి రెండే అంచులు, బయటపడేవి ఆరు. 20 కాస్తా 24 అవుతుంది. జాగా తగ్గింది, దారి పెరిగింది. మూలలో గాటు ఉంటే ‘టూ ఇంటూ ఎల్ ప్లస్ బి’ అదృష్టం కొద్దీ సరిపోతుంది, నడుమ ఉంటే సరిపోదు. సూత్రం అబద్ధం చెప్పలేదు, అది దీర్ఘచతురస్రం కోసం పుట్టింది. దాన్ని పన్ను ఊడిన నోటికి తగిలించిన వాడిది తప్పు. ఆ సారును మా రామప్ప గుడి దగ్గరికి తీసుకుపోయి, పదమూడో శతాబ్దంలో కట్టిన ఆ నక్షత్రం ఆకారపు పీఠం ముందు నిలబెట్టి, ఎల్ ఎక్కడ, బి ఎక్కడ చూపించమని అడగాలని ఉంది నాకు. సాయంత్రం దాకా వెతకనీ.

ఈ టైల్సు, గాటు సంగతి మాత్రం మర్యాదగానే చెప్పాను గదిలో. ప్రిన్సిపాల్ గారు మర్యాదగానే విన్నారు. "కీలో ఇరవై ఉంది సార్. కీ హెడ్డాఫీసు నుంచి వస్తుంది" అన్నారు.

అంతటితో పోతే నవ్వుకుని వదిలేసేవాణ్ని. వారం తర్వాత రీటెస్టు పెట్టారు, అదే బొమ్మ. పిల్ల ఇంటికి వచ్చి పేపరు చూపించింది. ఫుల్ మార్కులు. 24 అని రాసి, రబ్బరుతో తుడిచి, 20 అని రాసింది. తుడిచినచోట కాగితం చిరిగేదాకా తుడిచింది. ఎందుకు అని అడిగితే "సార్‌కు గట్లనే కావాలె" అంది. తొమ్మిదేళ్ల పిల్ల. చేత్తో తడిమి, గళ్లు లెక్కపెట్టి, సరైనదని రూఢి చేసుకున్నదాన్ని తన చేత్తోనే తుడిపించారు. దీనికి ఏడాదికి డెబ్బై వేలు కట్టించుకుంటున్నారు. సిగ్గుండాలి. లెక్క రాని సారుకు కాదు, రాకపోతే నేర్చుకోవచ్చు. దారం చూసి కూడా కీ వైపే తిరిగిన ప్రతి ఒక్కరికీ.

ఆ రోజే స్కూలుకు మళ్లీ పోయాను. ప్రిన్సిపాల్ గారు బిజీ. కొత్తగా కట్టిన ఐఐటీ ఫౌండేషన్ బ్లాకులో టైల్సు పని నడుస్తోంది, అక్కడేదో గొడవ. నేనూ పోయి నిలబడ్డాను. పెద్ద హాలు, ఒక గోడ నడుమ నుంచి పైపుల డక్టు నాలుగు అడుగులు లోపలికి పొడుచుకొచ్చి ఉంది. గోడల అడుగున స్కర్టింగు వేస్తున్నారు, రెండడుగుల పీసులు. చివర్లో తక్కువ పడ్డాయి. ఎస్టిమేట్ లెక్కల సారే వేశాడట, ఖర్చు మిగులుతుందని. తలుపు వెడల్పు కూడా జాగ్రత్తగా తీసేశాడట. మేస్త్రి చేతిలో సుతిలి ఉంది, ఒక కొసన ముడి వేసి.

"గోడ గోడకు ఆనిచ్చి కొలిచిన సార్" అన్నాడు మేస్త్రి. "ఎనిమిది అడుగులు తేడా వస్తున్నది. ఇంక నాలుగు పీసులు తెప్పియ్యాలె."