ఇస్కూలు అన్నందుకు నవ్వారు

ఉగాది నాడు మన సంఘం వేదిక మీద వేసిన స్కిట్టు మీలో చాలామంది చూసే ఉంటారు. శ్రీకాకుళం నుంచి దిగిన వియ్యంకుడు ‘ఇస్కూలు’, ‘బిలేడు’, ‘గలాసు’ అన్నప్పుడల్లా హాలంతా గొల్లుమంది. మూడో వరసలో నా పక్కన మా అమ్మ కూర్చుని ఉంది. ఆమదాలవలస నుంచి వచ్చి అప్పటికి పది రోజులు. అవి ఆవిడ రోజూ మాట్లాడే మాటలే. ఇంటికొచ్చాక మా పాపతో ‘ఆ గ...’ అని ఆగిపోయి, ‘నీళ్లు తాగేది ఇలాగందుకో తల్లీ’ అంది. ఏమైందమ్మా అంటే ‘ఏటీ నేదు నాయినా’ అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నవ్వినవాళ్లంతా ఆ రోజు ‘కారు’ దిగి ‘హాలు’కి వచ్చినవాళ్లే. ఇంగ్లీషులో ఆ మాటల చివర ఉకారం లేదు. తెలుగు అజంత భాష, మాట హల్లు మీద ఆగితే మన నోటికి వెలితిగా ఉంటుంది, అందుకే చేర్చుకున్నాం. మా అమ్మ అదే పని మాట మొదట్లో కూడా చేసింది. చివర చేర్చితే తెలుగుదనం, మొదట చేర్చితే మొరటుదనం ఎలా అయింది?

పైగా ఆవిడ అచ్చును ఎక్కడ పెట్టిందో చూడండి. ‘బిలేడు’లో బకారానికీ లకారానికీ మధ్య పెట్టింది. ‘ఇస్కూలు’లో రెండు హల్లులనూ కదపకుండా ముందు పెట్టింది. ‘ఇబ్లేడు’ అనో ‘సికూలు’ అనో ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. బకారం పలికి పెదవులు విడివడి లకారంలోకి జారేచోట అచ్చులాంటి చిన్న సందు ముందే ఉంటుంది, అక్కడ అచ్చు వేస్తే మాట పెద్దగా మారినట్టు వినిపించదు. సకారం అలా కాదు. ఆ బుసలోంచి నేరుగా కకారం మీద పడతాం, మధ్యలో అచ్చు దూరిస్తే మాట పోలికే పోతుంది. ముందు ఇకారం పెడితే ఇస్-కూ-లు అని విరుగుతుంది, నమస్కారంలో నమస్-కా-రం విరిగినట్టే. అంటే మాట మధ్యలో ఆ జంట మన నోటికి కొత్త కాదు, మొదట్లోనే బరువు.

అన్నిసార్లూ అచ్చు చేర్చరు లెండి. డ్రైవరు ‘డైవరు’ అయినప్పుడు రకారమే పోయింది. క్రింద, బ్రతుకు అనే మన సొంత మాటల్లో కూడా అది ఎప్పుడో జారిపోయింది. శ్రీ మాత్రం అచ్చు చేర్చుకుని ‘సిరి’ అయింది. సిరి అని ఆడపిల్లకి పేరు పెట్టుకుంటాం, బిలేడుకి నవ్వుతాం!

లాటిన్ ‘స్కోలా’ స్పెయిన్‌లో ‘ఎస్కుయేలా’ అయింది. బడికి వెళ్లిన స్పెయిన్ పిల్లలందరూ ఆ ముందు అచ్చుతోనే పలుకుతారు, రాస్తారు. మనం ఎవరి ఇంగ్లీషు కోసం తాపత్రయపడుతున్నామో వాళ్లు సంగీతకారుడు ద్వోర్జాక్ పేరును ‘దవోర్జాక్’ అంటారు. వాళ్ల మాటల మొదట ద, వ కలిసి రావు మరి.

అమ్మ దసరాకి మళ్లీ వస్తోంది. దీపావళి కార్యక్రమం నాటికి ఇక్కడే ఉంటుంది. స్కిట్టు రాస్తున్నవారికి చేతులు జోడించి అడుగుతున్నాను. శ్రీకాకుళం వియ్యంకుణ్ణి తీసెయ్యమనడం లేదు, ఉంచండి, ఇస్కూలు అననివ్వండి. నవ్వు మాత్రం ఆ మాట మీద పెట్టకండి.