ఆరు ఓవర్ల లెక్కలో సగటు చేసే మోసం

క్రికెట్ సీజన్ మొదలైందంటే హన్మకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా చాయ్ బండ్ల దగ్గర ఒకటే మాట వినిపిస్తుంది: 'ఆరు ఓవర్ల సెషన్ ఎంత నడుస్తోంది?' మ్యాచ్ ఎవరు గెలుస్తారన్న పందెం కన్నా, మొదటి ఆరు ఓవర్లలో, అంటే పవర్‌ప్లేలో, ఎన్ని పరుగులు వస్తాయన్న ఈ పందెం మీదే ఇప్పుడు మోజు ఎక్కువ. అరగంటలో తేలిపోతుంది, పైగా లెక్క తెలిసినవాడికి ఇందులో తిరుగులేదన్న నమ్మకం ఒకటి. 'ఈ జట్టు పవర్‌ప్లే సగటు 55. బుకీ 51 ఇస్తున్నాడు. నాలుగు పరుగులు ఊరికే వస్తున్నట్టే కదా!' చదువుకున్న పిల్లలే ఈ మాట అంటున్నారు. ఆ నాలుగు పరుగులు ఎందుకు లేవో ఇక్కడ విప్పి చెప్పదలిచాం.

ముందు సెషన్ రేటు ఎలా చదవాలో చూద్దాం. '49–51' అంటే, యస్ అన్నవాడు గెలవాలంటే 51 లేదా అంతకన్నా ఎక్కువ రావాలి. నో అన్నవాడు గెలవాలంటే 48 లేదా అంతకన్నా తక్కువ రావాలి. సరిగ్గా 49 గానీ 50 గానీ వస్తే ఇద్దరూ ఓడిపోతారు, రెండు వైపుల డబ్బూ బుకీదే. టీ20లో ఆరు ఓవర్ల స్కోరు ఈ మధ్య ప్రాంతంలో ఏదో ఒక్క అంకె మీద ఆగే అవకాశం సుమారు మూడు శాతం ఉంటుంది. రెండు అంకెలకు ఆరు శాతం. మిగిలిన 94 శాతాన్ని యస్, నో చెరిసగం పంచుకుంటే ఒక్కొక్కరికి దక్కేది 47. వందేసి రూపాయల చొప్పున వంద పందేలు కాస్తే 47 గెలుస్తారు, 53 పోతాయి. పదివేల మీద ఆరు వందలు బుకీకి మిగులుతాయి. ఇందులో ఎవరి అంచనా తప్పూ లేదు, బుకీ ఇచ్చే రేటు, అంటే గీత, సరిగ్గా పడినప్పుడు కూడా ఇదే జరుగుతుంది.

ఆ గీత సరిగ్గా ఎక్కడ పడుతుంది? సగటు దగ్గర కాదు, మధ్యగతం దగ్గర. పదో తరగతి లెక్కల పుస్తకంలో పిల్లలు చదివే మధ్యగతమే ఇది. సగం సార్లు దానికి పైన, సగం సార్లు కింద వచ్చే అంకె. ఊహకు ఒక జట్టు పది మ్యాచ్‌ల్లో పవర్‌ప్లే స్కోర్లు ఇలా ఉన్నాయనుకుందాం: 38, 41, 44, 46, 49, 51, 53, 57, 62, 109. కూడితే 550, సగటు 55. మధ్యగతం 50. '49–51' దగ్గర యస్ అన్నవాడు పదిలో అయిదు సార్లే గెలుస్తాడు. తనకు నాలుగు పరుగుల వెసులుబాటు ఉందనుకున్నాడు గానీ, ఆ నాలుగూ 109 కొట్టిన ఒక్క రాత్రివి. 109 కొట్టినా, 52 కొట్టినా యస్‌కు దక్కేది అంతే. కానీ ఆ పెద్ద స్కోరు సగటును మాత్రం పట్టుకుని పైకి లాగుతుంది. పవర్‌ప్లే స్కోర్లు కిందకి ఎక్కువగా ముప్పైలలో ఆగిపోతాయి, పైకి మాత్రం చాలా దూరం పరుగెత్తుతాయి. అందుకే సగటు సాధారణంగా మధ్యగతం కన్నా పైనే ఉంటుంది.

మన హైదరాబాద్ జట్టే ఇందుకు సాక్ష్యం. 2024 ఏప్రిల్ 20న ఢిల్లీలో ట్రావిస్ హెడ్, అభిషేక్ శర్మ ఆరు ఓవర్లలో వికెట్ పోకుండా 125 కొట్టారు. ఐపీఎల్‌లో అంతకు ముందు ఎవరూ అంత కొట్టలేదు. ఆ సీజన్‌లో ఫైనల్‌కు ముందు జట్టు ఆడింది 15 మ్యాచ్‌లు. 50 రావలసిన చోట 125 వచ్చిందనుకుంటే, ఆ ఒక్క ఇన్నింగ్సే 15 మ్యాచ్‌ల సగటును అయిదు పరుగులు పెంచేస్తుంది. చెన్నైలో ఫైనల్ నాడు అభిషేక్ మొదటి ఓవర్లోనే, హెడ్ తను ఆడిన మొదటి బంతికే అవుటయ్యారు. ఆరు ఓవర్లకు మూడు వికెట్లకు 40.

ఇక రెండో పొరపాటు ఓపెనర్ల స్ట్రైక్ రేట్లను నేరుగా కూడటం. 36 బంతుల్లో ఇద్దరూ చెరో 18 ఆడతారనుకుందాం. ఒకరు బంతికి 1.6, రెండోవారు 1.3 పరుగుల చొప్పున కొడతారు. ఎక్స్‌ట్రాలు రెండున్నర కలిపితే దాదాపు 55 వస్తుంది. చాలామంది లెక్క ఇక్కడే ఆగిపోతుంది. కానీ మొదటివారు సగటున 18 బంతులకోసారి, రెండోవారు 24 బంతులకోసారి అవుటయ్యే రకమైతే, ఇద్దరూ ఆరు ఓవర్లూ నిలబడేది ఆరు మ్యాచ్‌లకు ఒక్కసారే. వికెట్ పోయే అవకాశాన్ని లెక్కలోకి తెస్తే మొదటివారి వాటా 11.6 బంతులకు, రెండోవారి వాటా 12.8కి తగ్గుతుంది. మిగిలిన 11 పైచిలుకు బంతులు మూడో, నాలుగో బ్యాటర్‌వి. వచ్చీ రాగానే వాళ్లు బంతికి 1.1 మించి కొట్టరనుకుంటే మొత్తం 50 దగ్గర తేలుతుంది. అంటే 55కీ 50కీ మధ్య తేడా అంతా వికెట్లదే. జట్టు బ్యాటింగ్ తీరును చూడటమంటే ఎంత వేగంగా కొడతారన్నది ఒక్కటే కాదు, ఎన్ని బంతులకోసారి పోతారు, పోతే ఎవరొస్తారన్నది కూడా చూడటం.

ఇదే లెక్కలో మొదటి ఓపెనర్ ఆ రోజు ఆడకుండా 1.2 వేగం ఉన్నవాడు దిగితే, వాడూ అంతసేపే నిలుస్తాడనుకున్నా, నాలుగున్నర పరుగులు తగ్గిపోతాయి. టాస్ తర్వాత తుది జట్టు తెలిసిన క్షణంలో గీత కదిలేది అందుకే. టీవీ ప్రసారం మైదానం కన్నా కొన్ని సెకన్లు వెనక నడుస్తుంది. బంతి పడ్డాక రేటు మారిందని వరంగల్‌లో కూర్చుని గమనించేవాడికి అప్పటికే ఆలస్యమైపోయి ఉంటుంది.

నాలుగైదు మ్యాచ్‌ల ఊపును కూడా గీత గీసేవాళ్లు ఉన్నదున్నట్టు నమ్మరు. అయిదు మ్యాచ్‌ల్లో సగటు 60 ఉండి, లీగ్ మొత్తానికి 50 ఉంటే, అయిదుకు మూడో వంతు బరువే ఇచ్చి 53 దగ్గర మొదలుపెడతారు. ఆ తర్వాతే పిచ్, కొత్త బంతి వేసేదెవరు అన్నవి చూస్తారు. వన్డేకి ఈ అంకెలేవీ పనికిరావు. అక్కడ మొదటి పవర్‌ప్లే పది ఓవర్లు, బంతి పాతబడేవరకు ఓపెనర్లు తరచూ ఓపిక పడతారు. వాన పడితే టీ20లోనూ మారుతుంది. అంతర్జాతీయ మ్యాచ్ ఎనిమిది ఓవర్లకు కుదిస్తే పవర్‌ప్లే రెండు ఓవర్ల రెండు బంతులే.

తెలంగాణలో 2017 సవరణ తర్వాత ఆన్‌లైన్ పందేలు నేరం. 2025లో కేంద్రం తెచ్చిన చట్టం డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలను నడపటాన్నీ, వాటి ప్రకటనలనూ, వాటికి బ్యాంకు చెల్లింపులనూ నిషేధించింది. అయినా పందెం రాయుళ్లకు కావలసిన 'సగటు పవర్‌ప్లే స్కోరు' రోజూ టీవీ తెర మీదా, పత్రికల క్రీడాపుటల్లోనూ ఉచితంగా దొరుకుతోంది. ఆ పని మేమూ చేశాం. ఇకనుంచి మా క్రీడాపుటలో పవర్‌ప్లే సగటు ఇచ్చిన ప్రతిచోటా దాని పక్కనే మధ్యగతాన్నీ, ఆరు ఓవర్లలో వికెట్ పోని మ్యాచ్‌లెన్నో ఆ సంఖ్యనూ అచ్చువేస్తాం.