పిట్టగోడ అంచు కింద గాడి పూడిపోతే, గోడకు ఎన్ని కోట్లు వేసినా అంతే

వానలు తగ్గాక బయటి గోడ మీద పైనుంచి కిందికి నల్లటి చారలు తేలితే ఎవరికైనా ముందు తట్టేది ఒకటే, రంగు పోయింది, మళ్లీ వేయించాలి అని. నేనూ అదే చేశాను, నాలుగేళ్లలో రెండుసార్లు. రెండోసారి డబ్బా మీద వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్న రంగే వేయించాను. మరుసటి వానలకు చారలు సరిగ్గా పాత చోటే వచ్చాయి, పైగా రంగు బొబ్బలెక్కి పెచ్చులుగా ఊడింది. గోడలోకి పైనుంచి నీళ్లు దిగుతూనే ఉన్నాయి, బయటికి ఆరిపోయే దారిని మాత్రం మేమే రంగుతో మూసేశాం.

అప్పుడు గానీ వాన పడుతుండగా డాబా ఎక్కి చూడాలన్న బుద్ధి పుట్టలేదు. బయటికి వంగి చూడొద్దు, తడి డాబా మీద అది ప్రమాదం. ఫోన్‌ని ఒక కర్రకు కట్టి పిట్టగోడ అంచు కిందికి దించి వీడియో తీశాను. పిట్టగోడ నెత్తిన టోపీలా బయటికి పొడుచుకొచ్చే కప్పునే కోపింగ్ అంటారు. దాని అంచు నుంచి నీళ్లు బొట్లుగా రాలి పడాలి కదా, రాలడం లేదు. అంచు దాకా వచ్చిన నీరు కింది ముఖానికి అతుక్కుని, పల్చటి పొరలా వెనక్కి పాకి, గోడను అందుకుని దిగిపోతోంది. గిన్నెలోంచి నీళ్లు మెల్లగా వంపితే కింద పడకుండా గిన్నె పొట్ట వెంబడే జారతాయి చూడండి, అచ్చం అలాగే.

ఈ పాకడాన్ని ఆపడానికే కోపింగ్ కింద డ్రిప్ గాడి పెడతారు. 10 నుంచి 12 మిల్లీమీటర్ల వెడల్పు, 8 నుంచి 10 లోతు ఉన్న సన్నటి గీత, అంతే. వెనక్కి పాకే నీరు ఆ గాడి అంచు దగ్గరికి వచ్చేసరికి పైకి ఎక్కలేక అక్కడే బొట్టు కట్టి పడిపోతుంది. మా కోపింగ్‌కి గాడి ఉంది, కట్టిన మేస్త్రి శుభ్రంగా పెట్టాడు. దాన్ని పూడ్చింది రంగు వేసినవాళ్లు. అంచు నీట్‌గా కనబడాలని పుట్టీ పెట్టి చదును చేసేశారు, అదీ రెండుసార్లు. అంటే గోడ బాగుపడాలని నేను పెట్టిన ఖర్చే గోడను పాడుచేసింది. ఈ సంగతి ఇంట్లో చెప్పడానికి కొంచెం టైమ్ పట్టింది.

గాడి ఉంటే చాలదు, దాని చోటు కూడా ముఖ్యం. కోపింగ్ గోడ కన్నా కనీసం 50 మిల్లీమీటర్లు బయటికి వచ్చి, గాడి దాని బయటి అంచుకు దగ్గరగా ఉంటే బొట్టు గోడకు దూరంగా పడుతుంది. గోడను ఆనుకుని గీసిన గాడి దండగ, చిన్న గాలి వీచినా బొట్టు మళ్లీ గోడ మీదే పడుతుంది. కోపింగ్ పై ముఖం వాలు కూడా డాబా వైపు ఉండాలి. 9 అంగుళాల గోడ మీద లోపలి అంచు 15, 20 మిల్లీమీటర్లు కిందికి ఉంటే సరిపోతుంది. వాలు బయటికి ఉంటే పైన పేరుకున్న దుమ్మంతా వానకు కొట్టుకుని గోడ మీదికే వస్తుంది, మనం చూసే నల్లటి చార చాలావరకు ఆ దుమ్మూ, దాని మీద పెరిగిన నాచూనే.

అసలు కోపింగే లేకుండా పిట్టగోడ పైభాగాన్ని ప్లాస్టరింగ్‌తో వదిలేసిన ఇళ్లకు, కింద గాడి కోసిన గ్రానైట్ పలకలు పరచడం సులువు. పలకల మధ్య జాయింట్లలో సిమెంటు నింపితే ఎండకు చిట్లుతుంది, సాగే సీలెంట్ నింపాలి. అదీ ఎప్పుడో ఒకప్పుడు వదులుతుంది కాబట్టి పలకల కింద ఒక వాటర్‌ప్రూఫ్ పొర వేసే పరచాలి.

మా గాడిలో పుట్టీని గోకి తీసేశాక తర్వాతి వానలో చారలు ఆగాయి. కానీ ఒక మచ్చ మిగిలింది. అది పైనుంచి దిగిన చార కాదు, సరిగ్గా శ్లాబ్ మట్టంలో అడ్డంగా సాగిన తడి గీత. పిట్టగోడ శ్లాబ్ మీద కూర్చునే మూలలోంచి నీళ్లు వస్తే ఇలా అడ్డంగా కనబడుతుంది. అనుమానం తీర్చుకోవడానికి డాబా పైపుల నోళ్లు మూసి, గోడ తడవకుండా 25 మిల్లీమీటర్ల నీళ్లు నిలబెట్టాం. 50 దాటొద్దు, ఆ లోతుకే చదరపు మీటరుకు 50 కిలోల బరువు పడుతుంది. రెండో రోజు పొద్దునకి బయట గీత తడిసింది. కోపింగ్ మీద చుక్క నీరు పోయలేదు కాబట్టి తప్పు మూలదే.

ఆ మూల ఎందుకు పగులుతుందంటే, శ్లాబూ గోడా ఒకే లెక్కన సాగవు. 10 మీటర్ల కాంక్రీటు 30 డిగ్రీల వేడి తేడాకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, ఇటుక గోడ దాదాపు అందులో సగమే. రోజూ జరిగే ఈ లాగులాటలో మూల దగ్గర సన్నటి పగులు పడి తీరుతుంది. దాని మీద కోటింగ్‌ని గట్టిగా అంటించేస్తే, పగులు ఒక్క మిల్లీమీటరు తెరుచుకున్నా సాగడానికి దానికి చోటుండదు, అక్కడికక్కడే చిరుగుతుంది. అదే మూలలో 50 మిల్లీమీటర్ల పట్టీని కిందికి అంటకుండా వదిలేస్తే ఆ ఒక్క మిల్లీమీటరు 50 మీద పంచుకుంటుంది, అంటే 2 శాతం సాగితే చాలు. మంచి కోటింగ్‌కి అది లెక్కే కాదు. కొత్తగా కట్టేవాళ్లు శ్లాబ్‌తో పాటే 150 మిల్లీమీటర్ల కాంక్రీటు గట్టు పోయించి దాని మీద ఇటుక మొదలుపెడితే, కదిలే జాయింటే నీటి మట్టానికి పైకి వెళ్లిపోతుంది.

మా మూలకు ఇంతకుముందే వాటర్‌ప్రూఫింగ్ జరిగింది, 200 మిల్లీమీటర్లు గోడ మీదికి ఎక్కించారు కూడా. మరి ఎక్కడ దెబ్బతింది? కోటింగ్‌ని ప్లాస్టర్ మీద పూశారు. దాని పైనున్న ప్లాస్టర్ వాన నీళ్లు పీల్చుకుంటుంది, ఆ తడి ప్లాస్టర్ లోపల నుంచే కోటింగ్ వెనక్కి దిగి మూలకు చేరుతుంది. ముందు నుంచి చూస్తే ఎక్కడా చిరుగు కనబడదు. అందుకే 300 మిల్లీమీటర్ల ఎత్తు దాకా ప్లాస్టర్ కొట్టేయించి, ఇటుక కనబడ్డాక సందులు పూడ్పించి, మూలలో గోలా తీయించాం. లంబకోణంలో పొర మడతపడి పల్చబడుతుంది కాబట్టి ఈ గుండ్రటి వంపు. దాని మీద అంటుకోని టేపు, ఆపైన జాలీ గుడ్డ పొదిగిన కోటింగ్ రెండు పూతలు. పై అంచును ఇటుకలో కోసిన గాడిలోకి దూర్చి మూసి, ఆ తర్వాతే ప్లాస్టర్. మళ్లీ రెండు రోజులు నీళ్లు నిలబెడితే బయట గీత రాలేదు.

ఇంతా చేసినా గాలివాన నేరుగా గోడను కొట్టే వైపు గోడ తడుస్తుంది, గాడి దాన్నేమీ ఆపలేదు. ఆ తడి ఎండకు ఆరిపోతుంది, చార కట్టదు.

అన్నీ ఆరాక రంగుకు మనిషి వచ్చాడు. "సార్, ఈ సందు పూడిస్తే ఫినిషింగ్ బాగుంటుంది" అన్నాడు నిచ్చెన ఎక్కుతూనే. గాడి పొడుగునా ఒక నైలాన్ తాడు దూర్పించి, దాని మీదే పని చేయమన్నాను. ఆఖరి కోటు తడిగా ఉండగానే ఇద్దరం చెరో కొసన నిలబడి తాడు లాగేశాం.