ఫేస్ స్వాప్‌కు కలర్ మ్యాచ్ ఎందుకు సరిపోదు: పానగల్లు గుడి ముందు తీసిన ఒక ఫొటో

“ముఖం మార్చిన ఫొటో అతికించినట్టు కనిపిస్తుందంటే కారణం ఒక్కటే, చర్మం రంగు కలవలేదు. కలర్ మ్యాచ్ కొట్టండి, అంచులు మెత్తగా కలిపేయండి, అయిపోయింది. వెలుగు అటువైపు నుంచి పడి ఉంటే ముఖాన్ని ఫ్లిప్ చేయండి. ఇప్పటి యాప్‌లైతే లైటింగ్ అంతా అవే చూసుకుంటాయి. అయినా లైట్ ఎటు నుంచి పడిందో చూసేదెవరు?”

ఈ మెసేజ్ మా ఫొటోగ్రాఫర్ల గ్రూపుల్లో చాలా రోజులుగా తిరుగుతోంది. నేను నల్లగొండలో ఆల్బమ్ డిజైనింగ్ చేస్తాను. ఇందులోని ప్రతి సలహానూ ఒకే ఫొటో మీద చేసి చూశాను కాబట్టి ఆ ఫొటోతోనే జవాబు చెబుతాను.

సంక్రాంతి వారంలో ఒక కుటుంబం పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ముందు గ్రూప్ ఫొటో తీయించుకుంది. పొద్దంతా గర్భగుడిలో స్తంభం నీడ కనిపించే గుడి అదే. ఇంటి పెద్దాయన అంతకు ముందే కాలం చేశారు. ఒడ్డూ పొడుగూ ఆయనలాగే ఉండే తమ్ముణ్ణి పెద్దాయన భార్య పక్కన నిలబెట్టి తీశాం. ఆ శరీరం మీద పెద్దాయన ముఖం పెట్టాలి. మాకు ఇచ్చింది స్టూడియోలో దిగిన పాస్‌పోర్ట్ ఫొటో.

ముందు రంగు సంగతి. ఫొటో తీసినప్పుడు సాయంత్రం నాలుగు. జనవరి మధ్యలో నల్లగొండలో ఆ వేళకు సూర్యుడు నేలకు 25 డిగ్రీల ఎత్తున ఉంటాడు. మనిషి నీడ అతని ఎత్తుకు రెండింతలు దాటుతుంది. ఎండ ఫొటోలో ఎడమవైపు నుంచి, కెమెరాకు సుమారు 60 డిగ్రీల పక్కగా పడుతోంది. వెలుగుకు ఎదురుగా ఉన్న చర్మం దాన్ని నిండుగా తీసుకుంటుంది. పక్కకు తిరిగేకొద్దీ అది తగ్గుతుంది. 60 డిగ్రీలు తిరిగితే సగమే తగులుతుంది, 90 దాటితే నేరుగా ఎండ తగలనే తగలదు. శాస్త్రవేత్త లాంబర్ట్ 1760లో రాసిపెట్టిన కొసైన్ నియమం ఇదే. ఇక మా ఫొటోలో ఎండ వైపు చెంప 100 అనుకుంటే, ముక్కు చుట్టుపక్కల 60 ఉంటుంది, అవతలి చెంప 15 దగ్గర ఆగుతుంది. ఆ 15 కూడా ఆకాశం నుంచి, నేల మీద నుంచి తిరిగి వచ్చిన వెలుగే.

పాస్‌పోర్ట్ ఫొటోలో రెండు పక్కలా మెత్తటి వెలుగునిచ్చే సాఫ్ట్‌బాక్సులు పెడతారు. అందుకే అందులో రెండు చెంపలూ 70, ముక్కు దగ్గర 80. ముఖమంతా దాదాపు ఒకే వెలుగు.

కలర్ మ్యాచ్ చేసే పని ఏమిటంటే, అతికించే ముఖం సగటు వెలుగును, సగటు రంగును అసలు ఫొటోలోని ముఖం సగటుకు తెస్తుంది. మా లెక్కలో సగటు 73 నుంచి 58కి దిగింది. అంటే ముఖం 55, 65, 55 అయింది. రంగు నిజంగానే కలిసింది, గోధుమ ఛాయ అచ్చం అలాగే వచ్చింది. కానీ మార్చింది ముఖం మాత్రమే, చెవులు తమ్ముడివే. ఎడమ చెవి 100తో మెరుస్తుంటే దాని పక్క చెంప 55 దగ్గర మసకగా ఉంది. కుడి చెవి 15తో నీడలో ఉంటే దాని పక్క చెంప మళ్లీ 55తో వెలుగుతోంది. రెండు అంగుళాల దూరంలోనే ఎండ మాయమై, మళ్లీ ఎక్కడి నుంచో పుట్టుకొచ్చినట్టు ఉంది.

సగటు ఒక్కటే చాలదని హెచ్చుతగ్గులు కూడా కలిపే పద్ధతి ఉంది, చాలా సాఫ్ట్‌వేర్‌లు అదే వాడతాయి. అదీ చేశాను, ఇంకా చెడింది. పాస్‌పోర్ట్ ముఖంలో ఉన్న చిన్న తేడాను అది ఏడింతలకు పైగా లాగింది. చెంపలు రెండూ 34కు పడిపోయాయి, ముక్కు 107కు ఎగిరి తెల్లగా మాడిపోయింది. తేడా ఎంత ఉండాలో లెక్కకు తెలుసు, అది ముఖం మీద ఎటువైపు ఉండాలో తెలియదు. వెలుగు దిశ సగటులో దొరికేది కాదు.

అంచులు కలపడం గురించి చెప్పేటప్పుడు నిజాయితీగా ఒకటి ఒప్పుకోవాలి. అంచును మెత్తన చేసే మామూలు ఫెదర్, అతుకు గీతను కనపడకుండా చేస్తుంది, అంతకు మించి ఏమీ లేదు. కానీ 2003లో వచ్చిన పోయిసన్ బ్లెండింగ్, అంటే OpenCV అనే ప్రోగ్రామింగ్ లైబ్రరీలో `seamlessClone` పేరుతో ఉన్నది, నిజంగా కొంత పని చేస్తుంది. అది అతికించే ముఖంలోని హెచ్చుతగ్గులను అలాగే ఉంచి, అంచు మాత్రం చుట్టూ ఉన్న చర్మంతో కలిసేలా మొత్తాన్ని సర్దుతుంది. ఎడమ అంచును 30 పెంచాలి, కుడి అంచును 55 తగ్గించాలి. ఈ సవరణ ఒక చెంప నుంచి ఇంకో చెంపకు నున్నగా జారుతుంది. మా ఫొటోలో ఫలితం 100, 68, 15 దగ్గరికి వచ్చింది. ఫోన్‌లో చిన్నగా చూస్తే బాగుందనే అనిపించింది. ఈ మెసేజ్ రాసినవారు చూసింది కూడా ఇదే కావచ్చు.

పన్నెండు పద్దెనిమిది సైజు ప్రింట్ తీసి ఇంటికి పంపాను. పెద్దాయన భార్య కొంచెం సేపు చూసి కొడుకుతో అన్నది: “మొఖం మీ నాయినదే బిడ్డా. కానీ మేమందరం ఎండకు కండ్లు చిన్నగ చేసినం, ఆయనకు ఎండ తగుల్తనే లేదు.”

ఆమె చెప్పాక ప్రింట్ ముందు పెట్టుకుని వెతికాను. పక్కన నిలబడ్డ కొడుకు ముఖంలో ముక్కు నీడ అవతలి చెంప మీదికి పడింది, దాని అంచు కత్తితో కోసినట్టు ఉంది. సూర్యుడు మనకు అర డిగ్రీ వెడల్పున్న చిన్న బిళ్లలా కనిపిస్తాడు కాబట్టి నీడ అంచు అంత పదునుగా వస్తుంది. పెద్దాయన ముఖంలో ఆ నీడే లేదు. బ్లెండింగ్ నున్నగా జారే వెలుగును ఇస్తుంది, ముక్కు నీడను ఎక్కడి నుంచి తెస్తుంది? కనుబొమ్మ కింద గుంటలోనూ అంతే, పెదవి కిందా అంతే. గడ్డం నీడ మాత్రం తమ్ముడి మెడ మీద ఏటవాలుగా ఉంది, దాన్ని వేసిన గడ్డం మీద ఆ ఎండ జాడ లేదు. కళ్లలో చూస్తే నల్లగుడ్డు మీద రెండు తెల్లటి చదరాలు, స్టూడియో సాఫ్ట్‌బాక్సులు. గుడి ముందు ఆరుబయట అవి ఎక్కడివి?

ఫ్లిప్ సలహాను అప్పుడు ప్రయత్నించాం. పెద్దాయన బత్తాయి తోటలో దిగిన ఫొటో ఒకటి దొరికింది. నిజమైన ఎండ, చిన్నగా చేసిన కళ్లు. వెలుగు మాత్రం ఫొటోలో కుడి నుంచి పడింది. తిప్పేస్తే ఎడమ అవుతుంది కదా అనుకున్నాం. తిప్పగానే దవడ మీది పుట్టుమచ్చ అవతలికి పోయింది, పాపిట మారింది. మచ్చను తీసి మళ్లీ ఇటు పెట్టవచ్చు, కానీ ముక్కు వంకర, ఒక కన్ను రవ్వంత చిన్నగా ఉండటం, నవ్వినప్పుడు పెదవి ఒక పక్కకు పోవడం, ఇవన్నీ కూడా తిరగబడ్డాయి. మనిషిని అద్దంలో చూసినట్టుంది. రోజూ ఎదురుగా చూసినవాళ్లకు అది తెలిసిపోతుంది.

అదొక్కటే అయితే సర్దుకునేవాళ్లం. ఆ ఫొటో మిట్ట మధ్యాహ్నానికి దగ్గరగా తీసింది. ముక్కు నీడ కిందికి, మీసం మీదికి దిగింది, కళ్లు గుంటల్లో చీకటిగా ఉన్నాయి. మనకు కావాల్సింది 25 డిగ్రీల నుంచి పడే ఎండ, నీడ పక్కకు పారాలి. ఫ్లిప్ ఎడమను కుడి చేస్తుంది కానీ పైనున్న సూర్యుణ్ణి కిందికి దించదు. మే నెల మొదట్లో మన దగ్గర పన్నెండు దాటిన పది నిమిషాల ప్రాంతంలో సూర్యుడు నడినెత్తికి వస్తాడు. అప్పటి ఫొటోను చలికాలం సాయంత్రం ఫొటోలో ఎటు తిప్పినా కుదరదు. పోనీ ఆ నీడను చెరిపేద్దామంటే, జేపెగ్‌లో అంత చీకటి భాగంలో చర్మం వివరం మిగలదు. వెలుగు పెంచితే గరుకు, చదరపు మచ్చలు పైకి తేలాయి.

యాప్‌ల విషయంలో మెసేజ్‌లో సగం నిజం ఉంది. చాలామంది వాడే `inswapper_128.onnx` లాంటివి పాత ముఖాన్ని కోసి అతికించవు. మనిషి పోలికను మాత్రం తీసుకుని, అసలు ఫొటోలోని తల తిరుగుడు, హావభావం, వెలుగు చూసి కొత్త ముఖాన్ని తయారు చేస్తాయి. అందుకే మామూలు మబ్బు వెలుగులో అవి బాగా వస్తాయి. మా ఫొటోలోనూ ఎడమ చెంప వెలుగు, కుడి చెంప నీడ సరిగ్గానే వచ్చాయి. కానీ అది తయారయ్యేది 128 పిక్సెళ్ల వెడల్పున్న ముఖం. పెద్ద ప్రింట్‌కు పెంచేసరికి ముక్కు నీడ పదునైన అంచు పొగమంచులా అలికిపోయింది. స్పష్టత కోసం ఫేస్ రిస్టోర్ నడిపితే చర్మం నున్నబడి నీడ ఇంకా పలచబడింది. గట్టి ఎండలో ఇవి తడబడేది ఇక్కడే. పైగా నీడ అంచు తమ్ముడి ముక్కు ఆకారాన్ని బట్టి ఉంది, కొత్త ముక్కు అంత పొడుగుది కాదు.

లైట్ ఎటు నుంచి పడిందో చూసేదెవరన్న చివరి ప్రశ్నకు అనుకూలంగా ఒక పరిశోధనే ఉంది. 2005లో ఒస్ట్రోవ్‌స్కీ, కవానా, సిన్హా చేసిన ప్రయోగాల్లో, ఒకే దృశ్యంలో కొన్ని వస్తువుల మీద వెలుగు వేరే దిక్కు నుంచి పడినా జనం సులువుగా కనిపెట్టలేకపోయారు. నిజమే, గ్రూపులో ఒక మనిషి మొత్తానికి వెలుగు వేరుగా ఉంటే చాలామంది దాటిపోతారు. కానీ ఫేస్ స్వాప్‌లో రెండు వెలుగులు ఒకే తల మీద, చెవికీ చెంపకీ మధ్య కొట్టుకుంటాయి. చూసినవాళ్లు “లైటింగ్ తప్పు” అనరు. “స్టిక్కర్‌లా ఉంది”, “బొమ్మలా ఉంది” అంటారు. ఆమె ఎండ తగలలేదన్నది. కారణం పేరు చెప్పకపోయినంత మాత్రాన చూడలేదని కాదు. అదే 2005లో జాన్సన్, ఫరీద్ వెలుగు దిక్కును లెక్కగట్టి నకిలీ ఫొటోలను పట్టే పద్ధతి కూడా రాశారు. కంటికి దొరకనిది లెక్కకు దొరుకుతుంది.

మేము చివరికి పాస్‌పోర్ట్ ఫొటోకే తిరిగి వచ్చాం. చదునైన వెలుగు మీద నీడ వేయవచ్చు, పడిన నీడను తీయడమే కష్టం. పోయిసన్ బ్లెండ్ చేసిన ముఖం మీద 50 శాతం గ్రే లేయర్ సాఫ్ట్ లైట్‌లో పెట్టి, కొడుకు ముఖాన్ని పక్కన చూసుకుంటూ ఎడమ చెంప ఎముకను, నుదుటి అంచును వెలుగులోకి తేల్చాను. కనుగుంట, పెదవి కింద, కుడి దవడ నీడలో ముంచాను. ముక్కు నీడకు మాత్రం మెత్తటి బ్రష్ వాడలేదు, పెన్ టూల్‌తో గీసి అంచును ఒక్క పిక్సెల్ మేర మాత్రమే మెత్తన చేశాను. కళ్లలోని చదరాలు తీసేశాను. కళ్లు చిన్నగా చేయడానికి బత్తాయి తోట ఫొటోలోని కనురెప్పల ఆకారం చూసి పై రెప్పను కొంచెం దించాను. ఒక పూట పట్టింది.

రెండో ప్రింట్ చూసినప్పుడు ఆమె ఏమీ అనలేదు. కొంగుతో అద్దం తుడిచి, గోడకు ఎక్కడ కొట్టాలో కొడుక్కి చూపించింది. నాకు మాత్రం ఇప్పటికీ కుడి ముక్కుపుటం దగ్గర నీడ రవ్వంత ఎక్కువైనట్టే కనిపిస్తుంది.