‘జాతకాలు చూపించి చెబుతామండీ’ అను వాక్యానికి లఘు వ్యాఖ్య

మా తమ్ముడి కొడుక్కి సంబంధాలు చూసే బాధ్యత, ఇంట్లో నిదానంగా టైపు చేయగలిగినవాడిని నేనొక్కడినే కావడం చేత, నా మీద పడింది. గడచిన పద్నాలుగు నెలల్లో నేను పంపిన బయోడేటాలకు వచ్చిన సమాధానాలలో ‘వద్దు’ అనే మాట ఒక్కసారి కూడా లేదు. అయినా మావాడికి ఇంకా పెళ్ళి కాలేదు. ఈ రెండు వాస్తవాలకు నడుమ ఉన్న అగాధాన్ని పూడ్చే శాస్త్రం ఏదీ మన పూర్వులు రాసిపెట్టి వెళ్ళలేదు కనుక, ఆ కొరత తీర్చడానికి ఈ చిన్న ప్రయత్నం.

మొదట మూలపాఠం. మధ్యవర్తి ద్వారా వివరాలు తెలుసుకుని, ఒక అమ్మాయి తండ్రిగారికి మావాడి బయోడేటా, రెండు ఫోటోలు వాట్సాప్‌లో పంపాను. నాలుగో రోజు సాయంత్రం ఇలా జవాబు వచ్చింది: “నమస్కారమండీ. బయోడేటా అందింది. అబ్బాయి బాగున్నాడు. మా పెద్ద బావగారితో కూడా ఒక మాట అనుకుని, జాతకాలు చూపించి, ఏ విషయమూ మేమే ఫోన్ చేసి చెబుతామండీ.” చివర రెండు దండాల బొమ్మలు. మా మరదలు ఆ సాయంత్రమే పట్టుచీరలు బీరువాలోంచి తీసి ఎండకు వేయాలా వద్దా అని అడిగింది. వద్దని చెప్పాను. ఎందుకో వివరిస్తాను.

‘అబ్బాయి బాగున్నాడు’ అన్నది పైకి ప్రశంస. అయితే కూతుర్ని ఇవ్వదలచుకున్న తండ్రి ఇలా ప్రశంసించి ఊరుకోడు, అనుమానిస్తాడు. అబ్బాయి ఎత్తు అయిదడుగుల తొమ్మిదంగుళాలని రాశారు గదా, చెప్పులతోనా చెప్పులు లేకుండానా అని అడుగుతాడు. రెండో ఫోటోలో పక్కన నిలబడ్డ అమ్మాయి ఎవరని అడుగుతాడు. మీ పెద్దమ్మాయిని ఏ ఊరు ఇచ్చారు, అల్లుడుగారు ఏం చేస్తారు, హైదరాబాదులో ఉన్నది సొంత ఫ్లాటా అద్దె ఫ్లాటా, లోను ఎంత మిగిలింది అని వరుసగా ఆరా తీస్తాడు. మా మరదలు దీన్ని అమర్యాద అనుకుంటుంది గాని, ఈ రంగంలో అమర్యాదే ఆసక్తికి తొలి లక్షణం. వచ్చిన జవాబులో నాలుగు మర్యాదలున్నాయి, ప్రశ్నార్థకం ఒక్కటీ లేదు.

పెద్ద బావగారి విషయానికి వద్దాం. ప్రతి తెలుగు కుటుంబంలోనూ కూతురి పెళ్ళి మాట వచ్చినప్పుడు మాత్రమే అధికారం చేపట్టే బంధువు ఒకరుంటారు. ఆయన నిజంగా ఉన్నాడా, సాకుగా వెలిశాడా అన్నది కనిపెట్టడం కష్టం కాదు. నిజమైన బావగారికి ఊరు, తేదీ ఉంటాయి: “ఆయన ఖమ్మంలో ఉంటారండీ, ఆదివారం వస్తున్నారు, సోమవారం చెబుతాం” అంటారు. సాకు బావగారికి ఊరూ ఉండదు, రాకా ఉండదు. మూఢం సంగతీ అంతే. గురు మూఢమైనా శుక్ర మూఢమైనా ఏనాడు వెళ్ళిపోతుందో పంచాంగంలో తిథితో సహా వేసి ఉంటుంది. ఆ తిథి చెప్పి “అది వెళ్ళగానే చూపులు పెట్టుకుందాం” అన్నవారిని నమ్మవచ్చు. ఉత్తినే “మూఢం వెళ్ళనివ్వండి” అన్నవారి దృష్టిలో మూఢం ఒక్కటే వెళ్ళవలసినది కాదని గ్రహించాలి.

ఇక వాక్యానికి ప్రాణం లాంటిది జాతకం. మూడు వారాల తర్వాత, ‘మేమే చేస్తాం’ అన్న ఫోను రాకపోగా, మధ్యవర్తి చేత కబురు వచ్చింది: ఏకనాడి వచ్చిందట, సిద్ధాంతిగారు వద్దన్నారట. నేను పంచాంగం తీశాను. వధూవరుల పొంతనలో ఎనిమిది కూటాలు, మొత్తం 36 గుణాలు. అందులో నాడికే 8. ఇద్దరిదీ ఒకే నాడి అయితే ఆ ఎనిమిదీ సున్నా అవుతాయి. అందుకే పెద్దలు దానికంత భయపడతారు. మావాడిది హస్త. మధ్యవర్తి ఇచ్చిన కాగితంలో అమ్మాయిది రేవతి. హస్త ఆది నాడి, రేవతి అంత్య నాడి. ఉన్న నాడులు మూడే కాగా, వీళ్ళిద్దరూ మొదటిదీ చివరిదీ పట్టుకుని కూర్చున్నారు. గణం ఇద్దరిదీ దేవగణమే, రాశులు కన్య, మీనం కనుక సమసప్తకం. ఇంతగా కుదిరిన పొంతన చూసి ఏకనాడి అన్నారంటే, సిద్ధాంతిగారికి మావాడి నక్షత్రమే అందలేదని తేలింది.

వెంటనే ఫోన్ చేసి వాదిద్దామని మా తమ్ముడు ఆవేశపడ్డాడు. నేను అడ్డుపడ్డాను. ఆ తండ్రిగారు మావాడి రంగు గురించో, జీతం గురించో, మాకు పొలం లేకపోవడం గురించో ఒక్క మాట అనకుండా, ఎవరినీ నొప్పించని, తిరిగి జవాబు చెప్పలేని నక్షత్రాల మీదికి నెపం నెట్టారు. రేపు ఏ పెళ్ళి పందిట్లోనో ఎదురైతే ఇరుపక్షాలూ నవ్వుతూ పలకరించుకోవడానికి చేసిన ఏర్పాటది. పంచాంగం పట్టుకుని దాన్ని తప్పని రుజువు చేస్తే, ఆయన అసలు కారణం చెప్పవలసి వస్తుంది. వినడానికి మా తమ్ముడు సిద్ధంగా లేడు, నేనూ లేను.

అలాగని తటపటాయించిన ప్రతివారూ వద్దన్నట్టు కాదు. అంతకుముందు ఇంకొక కుటుంబం కటువుగా, ఒక్క నమస్కారమైనా లేకుండా, “అబ్బాయి బెంగళూరులో ఉన్నాడు, మాకు దూరం” అని రాసింది. ఇంట్లో అందరూ దాన్ని కొట్టివేతగా తీసుకున్నారు. నాకు మాత్రం అందులో పరిష్కరించదగిన కష్టం కనిపించింది. అప్పటికే మావాడు హైదరాబాదుకు బదిలీ అడిగి ఉన్నాడు. ఆ సంగతి రాశాను. అరగంటలో ఎప్పటికి వస్తాడని అడిగారు, మర్నాడు పుట్టిన సమయం పంపమన్నారు, వారంలో మా వీధి చివర కిరాణా కొట్టువాడు నన్ను ఆపి, మీ గురించి ఎవరో అడిగారండీ అన్నాడు. కొట్టువాడిని అడిగారంటే సంబంధం సగం ఖాయమైనట్టే. (మిగతా సగం కొట్టువాడు చెప్పిన జవాబులో పోయింది, అది వేరే కథ, బాకీకి సంబంధించినది.) ఒక అడ్డంకి తొలగించగానే అవతలివారు ముందుకు జరిగితే అది సందేహం. తొలగించిన చోటనే ఇంకొకటి మొలిస్తే, దూరం పోగానే వయసు తేడా, వయసు సర్దుకోగానే అమ్మాయికి పై చదువు బయటపడితే, మూడోదాని కోసం ఎదురుచూడనక్కర్లేదు.

మౌనం అర్ధాంగీకారమన్న మాటను ఈ ప్రకరణంలోంచి తొలగించాలని కూడా నా మనవి. నీలి టిక్కులు పడి పది రోజులైనా పలుకు లేకపోతే అది పూర్తి నిరాకరణ. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, “వీలు చూసుకుని చెప్పండి, మాకు తొందరేమీ లేదు” అని రాయవచ్చు. రెండోసారి రాసినవాడికి వచ్చేది జవాబు కాదు, జాలి.

ఇంత వ్యాఖ్యానం సిద్ధం చేసుకున్నాక నిన్న ఒక చిక్కు వచ్చి పడింది. తెనాలి నుంచి ఒక పెద్దమనిషి తమ అమ్మాయి వివరాలు పంపి, మీ అభిప్రాయం తెలపండని మర్యాదగా అడిగారు. అమ్మాయి అందరికీ నచ్చింది. నక్షత్రం జ్యేష్ఠ. హస్త, జ్యేష్ఠ రెండూ ఆది నాడి. ఈసారి నిజంగానే, పంచాంగం సాక్షిగా, ఏకనాడి. మా తమ్ముడు ససేమిరా అంటున్నాడు. ఉదయం నుంచి నేను ఫోను ముందు కూర్చుని, “ఏకనాడి వచ్చిందండీ” అని రాయడం, ఆ పెద్దమనిషి దాన్ని ఎలా చదువుతారో ఊహించుకుని చెరిపేయడం, ఇదే పనిగా ఉన్నాను. చివరికి, అమ్మాయి చాలా బాగుందని రాస్తే నమ్ముతారేమో అడిగితే, మా ఆవిడ అది ఇంకా అన్యాయం అంది.