ఇంతకీ మీ సార్ ఎంత సార్?

మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద సెల్ టవర్ ఉండరాదని గత ఏడాది ఏకగ్రీవంగా తీర్మానించాం. సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీలు వేసి, సమోసాలు, అల్లం టీ తెప్పించి, దాదాపు రెండు గంటలు చర్చించాం. టవర్ వల్ల పిల్లల మెదళ్లు ఉడికిపోతున్నాయని ఆవేశపడ్డ పెద్దమనుషుల్లో ముగ్గురు, మధ్యలో ఫోన్లొస్తే చెవికి నొక్కిపెట్టుకుని, సిగ్నల్ సరిగా అందని ఆ సెల్లార్ మూలకే వెళ్లి తలో అరగంట మాట్లాడి వచ్చారు. సెక్రటరీని కాబట్టి మినిట్స్‌లో వాళ్లకి పూర్తి హాజరు వేశాను.

సభలో శాస్త్రీయ దృక్పథం కూడా ఉండాలి కదా. నాలుగో ఫ్లోర్ కుర్రాడు లేచి, అందరూ ఫోన్‌లో *#07# కొట్టండి, మీ సార్ విలువ కనిపిస్తుందన్నాడు. సార్ అంటే స్పెసిఫిక్ అబ్జార్ప్షన్ రేట్. ఫోన్ వెదజల్లే రేడియో శక్తిలో ఒంట్లో కిలో బరువుకు ఎన్ని వాట్లు ఇంకుతున్నాయో చెప్పే లెక్క. మన దేశంలో 2012 సెప్టెంబర్ నుంచి అది 1.6 దాటకూడదు, అదీ ఒక్క గ్రాము కణజాలం మీద సగటు తీసి చూసినప్పుడు. అంతే, సెల్లార్‌లో ఎంసెట్ ర్యాంకుల వాతావరణం వచ్చేసింది. నాది 0.6 అని ఒకరు మురిసిపోయారు. 1.19 వచ్చిన సూర్యనారాయణ గారు మొహం చిన్నబుచ్చుకుని, "ఇంత పోసి కొన్నాను, ఇదా సార్ నా సార్!" అన్నారు.

ఆయనకి ధైర్యం చెప్పాల్సిన బాధ్యత నా మీద పడింది. ఆ అంకె ఎలా వస్తుందో చదివాను. లాబ్‌లో ఓ ప్లాస్టిక్ తల ఉంటుంది. అమెరికా సైన్యంలో పెద్ద తలకాయలున్న మగవాళ్ల కొలతలతో చేసింది. మెదడు బదులు అందులో నీళ్లు, పంచదార, ఉప్పు లాంటివి కలిపిన ద్రవం పోస్తారు. షర్బత్ అనుకోండి. ఫోన్‌ను దాని చెవికి ఆనించి, రేడియో తరంగాల్లో ఎంత గట్టిగా అరవగలదో అంత గట్టిగా అరిపిస్తారు. రోబో చెయ్యి ఒకటి సన్నటి ప్రోబ్‌ని షర్బత్‌లో ముంచి మూలమూలా తిప్పుతుంది. అన్నిటికన్నా ఎక్కువ శక్తి ఇంకిన చోటు దొరికితే, అదే సూర్యనారాయణ గారి 1.19.

అంటే అది ఆయన తలలోకి రోజూ వెళ్తున్నది కాదు. బండి స్పీడోమీటర్ మీద 160 అని రాసి ఉంటే మనం అమీర్‌పేట సిగ్నల్ దగ్గర 160లో వెళ్తున్నట్టు కాదు కదా. సిగ్నల్ బాగున్నప్పుడు ఫోన్ తన గొంతును వెయ్యి రెట్లకు పైగా తగ్గించుకోగలదు. టవర్ దూరమైతేనే అది గొంతు చించుకోవాలి.

పోనీ 1.6 గరిష్ఠం దాకా వెళ్లినా ఏమవుతుంది? గ్రాముకు 1.6 మిల్లీవాట్లు. ఆరు నిమిషాల పాటు అక్కడ రక్తం అసలు కదలలేదనుకున్నా, ఆ గ్రాము వేడెక్కేది డిగ్రీలో ఆరో వంతు. రక్తం కదులుతూనే ఉంటుంది కాబట్టి అంత కూడా ఉండదు. చెవి కాలేది బ్యాటరీ, స్క్రీన్ వేడికి. ఈ మాట చెప్తే సూర్యనారాయణ గారు నిరాశపడ్డారు. ఆయనకి కావాల్సింది ఓదార్పు కాదు, శత్రువు.

శత్రువు దొరక్కపోతే వ్యాపారి దొరుకుతాడు. మూడో ఫ్లోర్ వాళ్లబ్బాయి బంగారు రంగు స్టిక్కర్లు తెచ్చాడు, ఫోన్ వెనక అంటిస్తే రేడియేషన్ మాయమట. దేశంలో ఈ విద్య కొత్తది కాదు. 2020 అక్టోబర్‌లో రాష్ట్రీయ కామధేను ఆయోగ్ ఛైర్మన్ ఆవుపేడ చిప్‌నే ఆవిష్కరించారు. స్టిక్కర్ పని చెయ్యకపోతే డబ్బులు దండగ, అంతే. నిజంగా పని చేస్తేనే ప్రమాదం. యాంటెన్నాకి అడ్డు పడితే ఫోన్ టవర్ దాకా వినపడాలని ఇంకా గట్టిగా అరుస్తుంది. మా వాళ్లు కొన్న స్టిక్కర్ల అదృష్టం, అవి ఏ పనీ చెయ్యవు.

క్యాన్సర్ మాటేంటని అడిగారు. అడగాల్సిందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున క్యాన్సర్ కారకాల్ని తేల్చే సంస్థ 2011లో రేడియో తరంగాల్ని 2బి జాబితాలో పెట్టింది. 'కారకం కావచ్చునేమో, తేల్చడానికి ఆధారం చాలదు' అనే గది అది. అదే గదిలో కొన్ని ఆసియా దేశాల సంప్రదాయ ఊరగాయలు కూడా కూర్చున్నాయి. ఆవకాయ కాదు, కంగారు పడకండి. ఆ గదిలోకి ఫోన్లను నెట్టడంలో పెద్ద పాత్ర ఇంటర్‌ఫోన్ అనే 13 దేశాల అధ్యయనానిది. జీవితంలో 1640 గంటలకు పైగా మాట్లాడామన్న వాళ్లలో గ్లయోమా అనే మెదడు కణితి 40 శాతం ఎక్కువగా కనిపించింది. అక్కడ ఆగితే మా తీర్మానానికి బలం. కానీ అదే పట్టికలో మొత్తంగా ఫోన్ వాడేవాళ్లకి, వాడనివాళ్ల కన్నా కణితులు తక్కువ. దాన్ని నమ్మితే ఫోన్ మాట్లాడటం ఆరోగ్యమని డాక్టర్లు చీటీ రాసివ్వాలి. పదేళ్ల కిందట ఎంతసేపు మాట్లాడావని రోగిని అడిగి రాసుకున్న లెక్క అది. రోజుకు 5 గంటలకు పైగా అన్నవాళ్లూ ఉన్నారు. జ్ఞాపకం మీద కట్టిన గోడ అలాగే ఉంటుంది.

తర్వాత 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థే చేయించిన సమీక్షలో 63 అధ్యయనాలను జల్లెడ పట్టారు. ఫోన్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కీ సంబంధం కనిపించలేదు, పదేళ్లకు మించి వాడినవాళ్లలో కూడా. అమెరికాలో ఎలుకల మీద రెండేళ్లు రోజుకు 9 గంటలు రేడియో తరంగాలు కుమ్మరిస్తే మాత్రం మగ ఎలుకల గుండెల్లో కొన్ని కణితులొచ్చాయి. మనుషులకి ఫోన్‌తో ఒంటి మొత్తానికీ అంత మోతాదు అందే దారి లేదు. పైగా తరంగాలు తగిలిన ఆ మగ ఎలుకలు తగలని వాటికన్నా ఎక్కువ కాలం బతికాయి. ఈ సంగతి మినిట్స్‌లో రాయొద్దని సభ్యులు కోరారు, రాయలేదు.

తీర్మానం నెగ్గింది. టవర్ వెళ్లిపోయింది. మూడు నెలలు అందరి ఫోన్లలో ఒకటే గీత. తల మీద గొంతు చించుకుంటున్న ఫోన్లతో మావాళ్లు పీడ విరగడైందని పండగ చేసుకున్నారు.

తర్వాత అదే టవర్ రోడ్డవతల బిల్డింగ్ మీద లేచింది, మా బాల్కనీలకు ఎదురుగా, యాభై మీటర్ల దూరంలో. టవర్ యాంటెన్నా ఊరికి టార్చిలైట్ వేసినట్టు ఎదురుగా వేస్తుంది కానీ తన కాళ్ల కింద వేసుకోదు. ఇన్నాళ్లూ మేమున్నది ఆ కాళ్ల కింద. ఇప్పుడు కాంతి ముందుకొచ్చాం. భయపడకుండా లెక్క వేశాను. 20 వాట్ల యాంటెన్నా, శక్తినంతా ఒకవైపుకే కూడగట్టి వెయ్యి వాట్ల బల్బులా మా వైపు చూస్తోందనుకుంటే, యాభై మీటర్ల దగ్గర చదరపు మీటరుకు 0.03 వాట్లు. 900 మెగాహెర్ట్జ్‌కి 2012లో మన దేశం పెట్టిన హద్దు 0.45. అది అంతర్జాతీయ హద్దులో పదో వంతు. బాల్కనీలో నిలబడ్డ సూర్యనారాయణ గారి ఒంట్లోకి పడ్డదంతా ఇంకినా, ఆయన సార్ కిలోకు ఒక వాట్‌లో మూడు వేలో వంతుకు మించదు.

ఆయనకి ఈ లెక్క పట్టలేదు. "ఆ టవర్ అద్దెతో వాళ్లు లిఫ్ట్ కొత్తది పెట్టించుకున్నారట," అన్నారు మెట్ల మీద ఆగి, ఆయాసపడుతూ.