గోలీ సోడాలో పొంగు

“గోలీ నొక్కేదాకా ఒక్క బుడగా కనపడదు, నొక్కగానే ఎందుకు పొంగుతుంది?”

సీసాలో గ్యాస్ ఒత్తిడి నీటిలోని గ్యాస్‌ను పట్టి ఉంచుతుంది. 25 డిగ్రీల దగ్గర, ఒక అట్మాస్ఫియర్ కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడికి లీటరు నీటిలో సుమారు 1.5 గ్రాములు కరుగుతుంది. ఒత్తిడి నాలుగింతలైతే 6 గ్రాములు. ఇది హెన్రీ నియమం. గోలీ నొక్కగానే ‘స్స్’మని పోయేది పైన ఖాళీలో ఉన్న గ్యాసే. కరిగినది మాత్రం సీసా గోడ మీది గీతల్లో, దుమ్ములో చిక్కిన గాలి దగ్గర బుడగలై నెమ్మదిగా లేస్తుంది. కుదిపితే సన్నని బుడగలు నీళ్లంతా చేరి, తెరవగానే ఒక్కసారిగా ఉబ్బుతాయి. చెన్నై ఎండకు వేడెక్కితే కరిగే శక్తి తగ్గి, లోపలి ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. అలాంటి సీసాను ముందు ఐసు నీళ్లలో బాగా చల్లారనిచ్చి, కదపకుండా తెరవండి.